వెబ్‌సైట్ డిజైనర్‌కి ఇవ్వాలా, మనమే చేసుకోవాలా? డబ్బు ఇచ్చినా సైట్ మీది కాకపోవచ్చు

తార్నాకలో ఇంటి నుంచే డ్రెస్ మెటీరియల్ అమ్మే ఒక ఆపా ఉన్నారనుకుందాం. అడ్రస్, పది ఫొటోలు, వాట్సాప్ నంబర్ కనబడితే ఆమెకు చాలు. అలాంటి సైట్‌కి డిజైనర్ అక్కర్లేదు. గూగుల్ సైట్స్‌లో ఒకట్రెండు సాయంత్రాల్లో ఉచితంగా చేసుకోవచ్చు, డొమైన్ పేరుకి మాత్రం ఏటా కొంత కట్టాలి. ఆన్‌లైన్ పేమెంట్, స్టాక్ లెక్క కావాలంటే మాత్రం తెలిసినవాళ్లకి ఇవ్వడమే మంచిది.

పక్కనే ఉస్మానియా క్యాంపస్ కాబట్టి ఈ పని తెలిసిన స్టూడెంట్స్ దొరుకుతారు. సెమిస్టర్ పరీక్షల తేదీలు ముందే అడిగి గడువు పెట్టుకోండి.

అసలు చిక్కు హక్కుల దగ్గర ఉంది. చాలామంది "డబ్బు ఇచ్చాం కదా, సైట్ మాదే" అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, జీతం మీద పనిచేసే ఉద్యోగి రాసిన కోడ్ మామూలుగా యజమానిది అవుతుంది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాడు, కాబట్టి కోడ్ మీద హక్కు అతనిదే. అది మీకు రావాలంటే సెక్షన్ 19 ప్రకారం అతని సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం లెక్కేస్తుంది. అందుకే ఈ వాక్యం పెట్టుకోండి:

"పూర్తి డబ్బు అందిన రోజు నుంచి ఈ సైట్ కోసం నేను చేసిన డిజైన్, కోడ్, రాతల కాపీరైట్‌ను, అది ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ, ఫలానా వారికి బదిలీ చేస్తున్నాను."

వేరేవాళ్ల దగ్గర కొన్న థీమ్, ప్లగిన్‌లు దీనిలోకి రావు. వాటి లైసెన్స్ మీ పేరున తీసుకోమనండి.

ఇంతకంటే ఎక్కువగా దెబ్బ తగిలేది డొమైన్ దగ్గర. డిజైనర్ తన ఈమెయిల్‌తో కొంటాడు, చదువు అయ్యాక ఊరు మారతాడు, రెన్యువల్ నోటీసు అతనికే పోతుంది. గడువు దాటితే సైట్ ఆగిపోతుంది. డొమైన్, హోస్టింగ్, పేమెంట్ ఖాతా మూడూ మీ ఈమెయిల్, మీ ఫోన్‌తోనే తెరవండి. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కి చూడండి. ఓటీపీ మీకు రాకపోతే ఖాతా మీ చేతిలో లేదన్నమాట.

డబ్బు విడతలుగా ఇవ్వండి. 20,000కి మాట అయితే 6,000 అడ్వాన్స్, డిజైన్ ఓకే అన్నాక 8,000, పాస్‌వర్డ్‌లు, బ్యాకప్ ఫైల్ చేతికి వచ్చాక 6,000. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు ఉచితంగా మార్పులు, అప్పగించాక ఎన్ని రోజులు రిపేరు చేయాలి అన్నవి కూడా అదే కాగితంలో రాయాలి. గొడవలు ఎక్కువగా మార్పుల దగ్గరే వస్తాయి. "ఇంకొంచెం మార్చు బేటా" అనేదానికి అంతుండదు, అబ్బాయికి కూడా అది అన్యాయమే.