హైంబాఖ్‌లో ఆగని ఊగు

జర్మనీలోని ఐఫెల్ కొండల్లో ఉర్ఫ్ట్ నదికి ఆనకట్ట కట్టి, దాదాపు 2.7 కిలోమీటర్ల సొరంగం తవ్వి, హైంబాఖ్ జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లు మళ్లించారు. 1905లో మొదలైన ఈ కేంద్రంలో ఇంజినీర్లకు ఓ చిక్కు ఎదురైంది. సర్జ్ ట్యాంకులో నీటిమట్టం ఒకసారి ఊగడం మొదలైతే సద్దుమణిగేది కాదు.

అసలు ఆ ట్యాంకు ఎందుకు? సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చే నీటిని గేటు మూసి ఒక్కసారిగా ఆపేస్తే, ఉక్కు పైపులో పీడనం సుమారు 200 మీటర్ల నీటి ఎత్తుకు సమానంగా ఎగబాకుతుంది. 1890ల చివర్లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ తేల్చిన లెక్క ఇది. సొరంగం ముగిసి, టర్బైన్‌కు దిగే ఉక్కు పైపు, అంటే పెన్‌స్టాక్, మొదలయ్యే చోట పైన తెరిచి ఉన్న ట్యాంకు కడితే, ఈ దెబ్బ చాలావరకు పెన్‌స్టాక్‌లోనే ఆగిపోతుంది. సొరంగంలోని నీరు ట్యాంకులోకి ఎక్కుతూ నిదానంగా వేగం తగ్గించుకుంటుంది. కాళేశ్వరం వార్తల్లో మనం విన్న సర్జ్ పూల్ కూడా ఈ కుటుంబానిదే.

హైంబాఖ్ అంత పొడవున్న సొరంగానికి, దాని వైశాల్యానికి పదింతలున్న ట్యాంకు పెట్టామనుకుందాం. ఘర్షణను పక్కన పెడితే, అదే వేగానికి మట్టం 10 మీటర్లకు కాస్త పైగా లేస్తుంది. తర్వాత నీరు వెనక్కి, మళ్లీ ముందుకు మళ్లుతుంది. ఒక్కో ఊగుకు సుమారు ఐదున్నర నిమిషాలు. సొరంగం గోడల ఘర్షణ ప్రతి ఊగులోనూ కొంత శక్తిని తినేస్తుంది కాబట్టి, ఊగు దానంతటదే చల్లబడాలి.

చల్లబడనివ్వనిది టర్బైన్ గవర్నర్. ట్యాంకులో మట్టం దిగితే టర్బైన్‌కు ఒత్తిడి తగ్గుతుంది. విద్యుత్తు తగ్గకూడదని గవర్నర్ గేటును ఇంకాస్త తెరుస్తుంది. ఎక్కువ నీరు పోయి మట్టం మరింత పడిపోతుంది. మట్టం లేచినప్పుడు గేటు బిగించి, దాన్ని ఇంకా పైకి నెడుతుంది. ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టే ఇది.

జర్మన్ ఇంజినీర్ డీటర్ థోమా 1910లో తన సిద్ధాంత వ్యాసంలో దీనికి హద్దు కట్టాడు. ఘర్షణ అణచేది గవర్నర్ తోసేదాని కంటే ఎక్కువగా ఉండాలంటే, ట్యాంకు అడ్డుకోత వైశాల్యం ఒక కనీస పరిమాణాన్ని మించాలి. సొరంగం పొడవు, వైశాల్యం పెరిగితే ఆ కనీసమూ పెరుగుతుంది. నీరు పడే ఎత్తు, ఘర్షణ పెరిగితే తగ్గుతుంది.

ఇందులో ఆశ్చర్యపరిచేది ఘర్షణే. అదే సొరంగంలో అదే వేగంతో వచ్చే నీరు 70 మీటర్ల ఎత్తు నుంచి పడుతోందనుకోండి. ఘర్షణకు 4 మీటర్ల ఎత్తు పోతే, సొరంగానికి రెండింతల వైశాల్యమున్న ట్యాంకు దాదాపు సరిపోతుంది. గోడలు నున్నగా చేసి నష్టాన్ని 1 మీటరుకు దించితే, ఎనిమిదింతల ట్యాంకు కావాలి. విద్యుత్తు ఆదా అవుతుంది గానీ, ఊగును అణచే శక్తి పోతుంది.

థోమా సూత్రం చిన్న ఊగులకు, ఒంటరిగా నడిచే కేంద్రానికి వర్తిస్తుంది. గ్రిడ్‌లో మిగతా కేంద్రాలు భారం పంచుకుంటే కొంత చిన్న ట్యాంకుతోనూ నెట్టుకురావచ్చు. ట్యాంకు చాలుతుందా లేదా అన్నది మట్టం రికార్డే చెబుతుంది. ప్రతి శిఖరం ముందుదానికంటే తగ్గుతుంటే భయం లేదు. పెరుగుతుంటే గవర్నర్ గెలుస్తున్నట్టు.