మోటారు–పంపు కప్లింగ్

కప్లింగ్ మోటారు షాఫ్టును పంపు షాఫ్టుతో కలిపి భ్రమణ శక్తిని అందించే భాగం. ఇది దృఢం, నమ్యం అని రెండు రకాలు.

నాగర్‌కర్నూల్ జిల్లా ఎల్లూరు వద్ద మహాత్మా గాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం తొలి దశలో 30 మెగావాట్ల పంపులు ఉన్నాయి. ఇలాంటి భారీ నిలువు యంత్రాలలో పంపు రోటరు బరువును, నీటి ఒత్తిడిని మోటారు థ్రస్ట్ బేరింగే మోస్తుంది కాబట్టి సాధారణంగా దృఢ కప్లింగ్ వాడతారు. మన్ననూర్ వంటి గ్రామాల నీటి సరఫరాకు వాడదగిన చిన్న అడ్డ పంపులో మోటారు, పంపు విడివిడి బేరింగులపై తిరుగుతాయి. అక్కడ రబ్బరు బుష్షులున్న నమ్య కప్లింగ్ సరైనది.

నమ్య కప్లింగ్ వాడినా అమరిక తప్పనిసరి. కప్లింగ్ తట్టుకునే వంకర వేరు, బేరింగులు, సీలు తట్టుకునేది వేరు. రెండోది చాలా తక్కువ. ముందుగా బోల్టు వదులు చేసినప్పుడు మోటారు కాలు 0.05 మిల్లీమీటర్లకు మించి లేస్తే దాని కింద షిమ్ వేయాలి. తర్వాత పంపు షాఫ్టుకు డయల్ గేజ్ బిగించి, దాని ముల్లును మోటారు వైపు హబ్ అంచుపై ఆనించి, రెండు షాఫ్టులనూ కలిపి తిప్పుతారు. పైన సున్నా, కింద 0.60 చూపితే షాఫ్టుల ఎత్తు తేడా అందులో సగం, అంటే 0.30 మిల్లీమీటర్లు.

వేడికి మోటారు పైకి పెరుగుతుంది. షాఫ్టు ఎత్తు 250 మిల్లీమీటర్లు, ఉష్ణోగ్రత పెరుగుదల 40 డిగ్రీలు అయితే పెరుగుదల సుమారు 0.12 మిల్లీమీటర్లు. చన్నీళ్ల పంపు అంతగా పెరగదు గనుక, చల్లగా ఉన్నప్పుడు మోటారును ఆ మేరకు కిందికి ఉంచాలి.

భ్రమణ వేగానికి రెట్టింపు పౌనఃపున్యంలో కంపనం, కప్లింగ్ కింద రబ్బరు పొడి అమరిక చెడిన సూచనలు.