బ్రాకెట్లో ఏ రూపం ఇవ్వాలి? తెలుగు భూతకాలం నేర్పే ఖాళీల వర్క్‌షీట్ నిర్మాణం

తెలుగు తరగతిలో ‘ఖాళీలు పూరించండి’ కంటే పరిచితమైన అభ్యాసం బహుశా లేదు. వాక్యంలో క్రియను తీసేసి గీత గీస్తే, పక్కన బ్రాకెట్లో ధాతువు రాస్తే వర్క్‌షీట్ సిద్ధమైనట్టే కనిపిస్తుంది. కానీ భూతకాలం దగ్గరికి వచ్చేసరికి ఆ బ్రాకెట్లో రాసే చిన్న మాటే అసలు సమస్య. పిల్లవాడు ఏం నేర్చుకుంటాడో, అతనికి ఏం రాదో ఉపాధ్యాయునికి తెలుస్తుందో లేదో అదే నిర్ణయిస్తుంది. అమెరికాలో వారాంతపు తెలుగు బడికి వచ్చే ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల కోసం ఒక వర్క్‌షీట్ తయారుచేయాలనుకుంటే దారి ఎలా ఉంటుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ పిల్లలకు ఇంట్లో విన్న తెలుగు ఉంటుంది, అక్షరాలు వచ్చి ఉంటాయి. వాక్యం రాయడం మాత్రం కొత్త.

1953లో విల్సన్ టేలర్ ‘క్లోజ్’ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు ఖాళీల పని నేర్పడం కాదు. ఒక గద్యభాగం పాఠకుడికి ఎంత సులువుగా అందుతుందో కొలవడానికి ఆయన మాటలను నిర్ణీత వ్యవధిలో తీసేశారు. ఏ మాట పోతుందన్నది లెక్క చూసుకునేది, మనిషి ఎంచేది కాదు. వ్యాకరణం నేర్పే వర్క్‌షీట్‌లో ఇది తలకిందులవుతుంది. ప్రతి ఖాళీనీ ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకున్నామో చెప్పగలగాలి.

ఇంగ్లీషు వర్క్‌షీట్లను నమూనాగా పెట్టుకున్నవారికి మొదటి అడ్డంకి లిపి దగ్గరే ఎదురవుతుంది. రోమన్ లిపిలో ధాతువును అచ్చువేసి, చివరి ప్రత్యయానికి మాత్రం ఖాళీ వదలవచ్చు. తెలుగులో అది కుదరదు. ‘వెళ్ళాడు’, ‘వెళ్ళింది’ అన్న రూపాల్లో తేడా మొదలయ్యేది అచ్చు దగ్గర. ఆ అచ్చు ముందున్న హల్లుకు గుణింతమై అతుక్కుని ఉంటుంది. ‘వెళ్ళ’ అని అచ్చువేసి గీత పెడితే పిల్లవాడు దాని పక్కన ‘ఆడు’ అని రాస్తాడు, ‘వెళ్ళఆడు’ తయారవుతుంది. కాబట్టి తెలుగులో ఖాళీ ఎప్పుడూ పూర్తి క్రియకే ఉండాలి. మూలరూపం విడిగా బ్రాకెట్లోకే వెళ్ళాలి.

ఏ మూలరూపం? నిఘంటువు వచ్చు, చూచు, ఇచ్చు, చేయు అంటుంది. వ్యాకరణ పుస్తకానికి అది సరైనదే. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు ‘చూచు’ అన్న మాట ఇంట్లో విని ఉండడు. పైగా ‘వచ్చు’ అని ఇస్తే జవాబులో సగం చెప్పేసినట్టే: ఉకారం తీసి ‘ఆడు’ చేరిస్తే ‘వచ్చాడు’. రావడం, చూడడం అన్న రూపాలు కొంత మేలు, అయితే అవి రాత భాషకు దగ్గర. పిల్లలు రోజూ వినేది ఆజ్ఞారూపం: రా, చూడు, ఇవ్వు, చెయ్యి, తే. అమ్మ నోట వందసార్లు విన్న మాట అది. ఈ వర్క్‌షీట్‌కు దాన్నే ఎంచుకోవడం మంచిది, కష్టం తెలిసి మరీ.

ఆ కష్టం ఎక్కడుందంటే, ఆడు, పాడు, వెళ్ళు, చెప్పు వంటి క్రియల్లో ఆజ్ఞారూపం నుంచి భూతకాలానికి దారి తిన్నగా ఉంటుంది: ఆడాను, పాడాను, వెళ్ళాను, చెప్పాను. ఈ దారి పట్టిన పిల్లవాడు ‘చూడు’ చూడగానే ‘చూడాను’ అని రాస్తాడు. అది అజాగ్రత్త కాదు. తనకు చూపిన సూత్రాన్ని నమ్మకంగా అన్వయించాడు. రా నుంచి వచ్చాను, చూడు నుంచి చూశాను, ఇవ్వు నుంచి ఇచ్చాను అన్నవి ఊహించి రాయగలిగేవి కావు, ముందు చూసి ఉండాలి. అందుకే క్రియను రాయించే మొదటి పుటలో తిన్నని క్రియలే ఉండాలి. మారేవాటిని గుంపులుగా తర్వాత తేవాలి: చెయ్యి, రాయి, వెయ్యి ఒక గుంపు, రా, తే, ఇవ్వు ఇంకొకటి, తిను, విను, కొను మరొకటి.

ఇక్కడ వ్యతిరేకార్థం ఒక అందమైన సాయం చేస్తుంది. రాలేదు, చూడలేదు, ఇవ్వలేదు, తేలేదు: వీటిలో పిల్లవాడికి తెలిసిన ఆజ్ఞారూపపు మొదలే కనిపిస్తుంది. పైగా ‘లేదు’ ఏ కర్తకైనా మారదు. నేను రాలేదు, అక్క రాలేదు, వాళ్ళు రాలేదు. ఈ వ్యతిరేక రూపాన్ని భూతకాలపు రూపంతో ఒకే వాక్యంలో జతచేస్తే సులువైనది కష్టమైనదానికి ఊతమవుతుంది: ‘మామయ్య ____, కానీ అత్తయ్య ____. (రా)’ జవాబు: వచ్చాడు, రాలేదు. ఒకే మాటకు రెండు మొదళ్ళు ఉంటాయన్న సంగతి వివరణ అక్కర్లేకుండా కంటికి కనిపిస్తుంది.

అర్థం సంగతి వేరు. ప్రతి వాక్యం ‘నిన్న’తో మొదలై, పుటంతా భూతకాలమే అయితే పిల్లలు కాలం గురించి ఆలోచించనే అక్కర్లేదు. ప్రారంభ దశలో అభ్యాసకులు కాలాన్ని క్రియ చివర నుంచి కాక ‘నిన్న’ వంటి విడి మాట నుంచే గ్రహిస్తారని బిల్ వాన్‌పాటెన్ వాదించారు. దానికి తగ్గట్టు ఖాళీని తిప్పి పెట్టవచ్చు. క్రియను ఉంచి, కాలం చెప్పే మాటను తీసేయాలి: ‘నేను ____ సినిమా చూశాను. (నిన్న / రేపు)’, దాని కిందే ‘నేను ____ సినిమా చూస్తాను.’ ఇందులో రాయాల్సింది తక్కువే. కానీ చూశాను, చూస్తాను తేడాను గమనించకుండా జవాబు రాదు. వర్క్‌షీట్ ఈ భాగంతోనే మొదలవ్వాలి.

చివరి భాగం చిన్న కథ కావచ్చు:

నిన్న ఆదివారం. మా ఇంటికి తాతయ్య గారు ____ (రా). అమ్మ గారెలు ____ (చెయ్యి). చెల్లి రెండు గారెలు ____ (తిను). తమ్ముడు తన బొమ్మ ____ (చూపించు). కుక్కపిల్లలు వీధిలోకి ____ (పరుగెత్తు). నేను అమ్మమ్మకు ఉత్తరం ____ (రాయి).

జవాబులు వచ్చారు, చేసింది, తింది, చూపించాడు, పరుగెత్తాయి, రాశాను. ఆరు ఖాళీల్లో ఐదు రకాల ముగింపులు వచ్చాయి. ‘తాతయ్య’ పక్కన ‘గారు’ ఊరికే లేదు. అది లేకపోతే ‘వచ్చాడు’ కూడా సరైనదే, చాలా ఇళ్ళలో అలాగే అంటారు. చేసింది, తింది ఒకే ముగింపు కావడానికి కర్తలు ఇద్దరూ స్త్రీలు కావడమే కారణం. ‘కుక్కపిల్ల’ అని ఏకవచనంలో ఉంటే అక్కడా ‘పరుగెత్తింది’ అనే రావాలి. స్త్రీలూ జంతువులూ విడిపోయేది బహువచనంలోనే.

జవాబుల పట్టీ రాసేటప్పుడు చెల్లి ‘తిన్నది’ అన్నా, నేను ‘రాసాను’ అన్నా ఒప్పుకోవాలి. ఇంతకంటే ముఖ్యమైనది తెలంగాణ ఇళ్ళ మాట. ‘నేను రాసిన’, ‘తమ్ముడు చూపించిండు’ అని రాసిన పిల్లవాడికి భూతకాలం వచ్చు, కర్తకు తగిన ముగింపూ వచ్చు. ఎర్రసిరాతో కొట్టేస్తే సరిగ్గా వచ్చిన విషయమే రాదని చెప్పినట్టవుతుంది. దానికి పూర్తి మార్కు ఇచ్చి, పక్కన పాఠ్యపుస్తక రూపం రాయడమే న్యాయం.

దిద్దడంలో ఇంకో జాగ్రత్త ఉంది. ‘అమ్మ చెయ్యింది’ అని రాసిన పిల్లకు ముగింపు వచ్చు, మొదలు రాదు. ‘అమ్మ చేశాడు’ అన్న పిల్లకు మొదలు వచ్చు, కర్తతో పొత్తు రాదు. ‘అమ్మ చేస్తుంది’ అన్నవారికి ఆ రెండూ వచ్చి, కాలం తప్పింది. మూడింటికీ సున్నా వేస్తే మూడు వేర్వేరు పాఠాలు అవసరమన్న సమాచారం పోతుంది. ఖాళీ పక్కన మొదలు, ముగింపు, కాలం అని మూడు చిన్న గడులు గీసి విడివిడిగా టిక్కు పెడితే, తరగతి మొత్తం ఏ గడి దగ్గర ఆగిందో పుటలు తిరగేస్తుండగానే తెలుస్తుంది.

ఈ వర్క్‌షీట్‌కు ఒక హద్దు ఉంది. తెలుగు కథనం వాక్యానికో సమాపక క్రియతో నడవదు. ‘లేచి, పళ్ళు తోముకుని, బడికి వెళ్ళాను’ అనడం మన తీరు. సమాపక క్రియల ఖాళీలే నింపిన పిల్లవాడు ‘లేచాను. తోముకున్నాను. వెళ్ళాను.’ అని రాస్తాడు. ప్రతి రూపమూ సరైనదే, నడక మాత్రం తెలుగుది కాదు. ‘చేసింది’ వచ్చిన పిల్లకు ‘చేసి’ ఎంతో దూరం కాదు కనుక, అదే ఆదివారం కథను ‘అమ్మ గారెలు ____, తాతయ్య గారికి ____ (చెయ్యి, పెట్టు)’ అని తిరగరాసి తర్వాతి పుటలో ఇవ్వవచ్చు.