పెద్ద గిరాకీ చేజారితే: చిన్న కార్ఖానా ముందే రాసుకోవాల్సిన లెక్క

షోలాపూర్‌లో మనవాళ్ల తువ్వాళ్ల కార్ఖానా ఒకటి ఉందనుకుందాం. నెలకు 10 లక్షల అమ్మకం, అందులో 7 లక్షల సరుకు ఒకే వ్యాపారికి పోతుంది. ఆయన కొనడం మానేస్తే ఏం చేస్తారో బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో లెక్కతో సహా రాయాలి.

నూలు, రంగు, కూలి, కరెంటు పోగా నూటికి 25 రూపాయలు మిగులుతాయనుకుందాం. అంటే నెలకు రెండున్నర లక్షలు. మగ్గాలు ఆగినా తప్పని అద్దె, బ్యాంకు కిస్తు, గుమాస్తా జీతం, మన ఇంటి ఖర్చు కలిపి 2 లక్షలు. ఆ వ్యాపారి పోతే మిగిలిన 3 లక్షల అమ్మకం మీద వచ్చేది 75 వేలే. నెలకు లక్షా పాతిక వేలు లోటు. కొత్త గిరాకీ దొరకడానికి నాలుగు నెలలు పడితే 5 లక్షలు చేతిలో ఉండాలి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ పాత బాకీ. 45 రోజుల అరువు మీద ఆయన దగ్గర పదిన్నర లక్షలు నిలిచి ఉంటాయి, నూలు వ్యాపారి మాత్రం ఆగడు. అందుకే అరువుకు ఒక హద్దు రాసుకోవాలి: పాత బిల్లు 45 రోజులు దాటితే కొత్త సరుకు పంపకూడదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టమే చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగవచ్చు. చెల్లింపు ప్రతిసారీ వారం చొప్పున వెనక్కి జరుగుతుంటే అదే మొదటి గుర్తు అని మేము అంటాం.