పూడికతీత సంస్థ షేరు, మూడు అంశాల లెక్క

విశాఖ అనగానే గుర్తొచ్చే ఉక్కు కర్మాగారం షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో లేవు. నెలవారీ రాబడులే లేనప్పుడు దాని గుణకాలను నేరుగా కొలవలేం. అందుకే ఈ పరిశీలనకు డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను తీసుకున్నాను. 1976లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలో ఉంది. ఓడలు వచ్చిపోయే దారుల్లో పేరుకున్న పూడిక తీయడం దాని పని. షేరు మార్కెట్లో ఉంది.

యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ 1993లో ప్రతిపాదించిన నమూనా ఇలా ఉంటుంది:

```
E(R) = Rf + b(Rm − Rf) + s·SMB + h·HML
```

b మార్కెట్‌తో షేరు కదలికను చెబుతుంది. s చిన్న కంపెనీల తీరును, h పుస్తక విలువతో పోలిస్తే చౌకగా దొరికే కంపెనీల తీరును ఎంతగా పోలిందో చెబుతాయి. కంపెనీ చిన్నదని మనమే s పెంచేయకూడదు. మూడింటినీ రాబడుల రిగ్రెషన్ నుంచే తీసుకోవాలి. మన దేశపు అంశాల రాబడులను అహ్మదాబాద్ ఐఐఎం అందిస్తోంది.

లెక్క తీరు చూపడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి ఈ సంస్థ అసలు అంకెలు కావు. గుణకాలు 1.2, 0.8, 0.5. రిస్కు లేని రాబడి 7 శాతం. ప్రీమియంలు వరసగా 6, 2, 4 శాతం. అప్పుడు 7కు 7.2, 1.6, 2.0 కలిపితే ఆశించే రాబడి 17.8 శాతం.

ఆ దశాంశాన్ని అంత గట్టిగా నమ్మలేం. మార్కెట్ ప్రీమియం ఏటా 25 శాతం ఒడిదుడుకులతో కదులుతుందనుకుంటే, 25 ఏళ్ల సగటులోనూ ప్రామాణిక దోషం 5 శాతం ఉంటుంది. దాన్ని 1.2తో హెచ్చిస్తే 6. మిగతా రెండు అంశాల ఒడిదుడుకులు 15 శాతం చొప్పున అయితే వాటి వంతు 2.4, 1.5. మూడూ పరస్పరం సంబంధం లేనివనుకుని వర్గాలు కూడి వర్గమూలం తీస్తే దాదాపు 6.6. అంటే 11 నుంచి 24 దాకా ఏదైనా అసంభవం కాదు. గుణకాల్లోని దోషం ఇంకా కలపనే లేదు.

గుణకాల దగ్గర ఈ షేరుకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2019 మార్చిలో కేంద్రం తన 73.47 శాతం వాటాను విశాఖ, పారదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్ పోర్టులకు అమ్మింది. పూడిక తీయించుకునే పోర్టులే యజమానులయ్యాయి. ఆ నెల నడుమకు వచ్చేలా తీసుకున్న 60 నెలల రిగ్రెషన్ రెండు వేర్వేరు సంస్థల సగటు లాంటిదేమో. అమ్మకానికి ముందు, తర్వాత విడివిడిగా అంచనా కట్టి చూడాలి. అయితే సగానికి 30 నెలలే మిగులుతాయి గనుక దోషం పెరుగుతుంది. కనిపించిన తేడా నిజమైన మార్పో, యాదృచ్ఛికమో తేల్చడం కష్టం.

షేరు లావాదేవీలు పలచగా సాగిన కాలంలో ధర మార్కెట్ వెనక ఆలస్యంగా కదులుతుంది, b తక్కువగా కనిపిస్తుంది. 1979లో డిమ్సన్ చూపినట్టు ముందు నెల మార్కెట్ రాబడిని కూడా రిగ్రెషన్లో చేర్చి రెండు గుణకాలనూ కూడాలి. మొత్తం బాగా పెరిగితే మొదటి b తగ్గి కనిపించిందనడానికి అది ఆధారం. ఈ షేరుకు నేనైతే ఆ పరీక్ష చేయకుండా 17.8 లాంటి ఒక్క అంకెను నివేదికలో రాయను.