శాశ్వత వార్షికం: అంతం లేని చెల్లింపుకు అంతమున్న ధర

1648లో నెదర్లాండ్స్‌లో లెక్ నది కట్టల బాధ్యత చూసే ఒక జలమండలి కట్ట పనుల కోసం రుణపత్రాలు జారీ చేసింది. అసలు ఎప్పుడు తిరిగి ఇస్తామన్నది వాటిలో లేదు. వడ్డీ మాత్రం శాశ్వతంగా చెల్లిస్తామని ఉంది. మేక చర్మంపై చేతితో రాసిన అటువంటి పత్రం ఒకటి నేడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. 2015లో విశ్వవిద్యాలయం పక్షాన ఒకరు ఆ పత్రం పేర నెదర్లాండ్స్ వెళ్ళి, పన్నెండేళ్ళ బకాయి వడ్డీ 136.20 యూరోలు వసూలు చేసుకుని వచ్చారు. అంటే ఏడాదికి 11.35 యూరోలు. మొదట 5 శాతంగా ఉన్న వడ్డీ కాలక్రమంలో 2.5 శాతానికి తగ్గింది. అయినా చెల్లింపు ఆగలేదు.

ఇలా నియమిత కాలానికి ఒకసారి చొప్పున, ముగింపు లేకుండా వచ్చే చెల్లింపుల వరుసను శాశ్వత వార్షికం అంటారు. చెల్లింపులకు అంతం లేనప్పుడు వాటన్నిటికీ కలిపి ఈ రోజు ఇవ్వదగిన ధరకు మాత్రం అంతం ఎలా ఉంటుంది? ఈ పాఠ్యభాగంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే. రెండవ ప్రశ్న దీని నుంచే పుడుతుంది: ఆ చెల్లింపు ఏటా పెరుగుతూ పోతే ఏమవుతుంది?

మొదటి ప్రశ్నకు చరిత్రలో మంచి ఉదాహరణ బ్రిటిష్ ప్రభుత్వ కన్సాల్స్. హెన్రీ పెల్హామ్ ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న కాలంలో, 1751-52లో, యుద్ధాల వల్ల పేరుకుపోయిన రకరకాల రుణాలను ఒకే నిధిగా ఏకం చేశారు. 'ఏకీకృత' అనే అర్థమున్న మాట నుంచే కన్సాల్స్ అన్న పేరు వచ్చింది. నూరు పౌండ్ల ముఖవిలువకు ఏటా 3 పౌండ్లు. అసలు తిరిగి చెల్లించే హక్కు ప్రభుత్వానికి ఉండేది గాని, గడువు ఏదీ లేదు. డబ్బు వెనక్కి కావలసినవారు తమ కన్సాల్స్‌ను మార్కెట్‌లో మరొకరికి అమ్ముకోవలసిందే.

అందువల్ల ధర ఏ రోజుకారోజు తేలేది. ఏటా C చొప్పున వచ్చే శాశ్వత వార్షికానికి, మదుపరి కోరే రాబడి రేటు r అయితే, ధర ఇలా ఉంటుంది:

P = C / r

దీన్ని కంఠస్థం చేయనక్కర లేదు. 6 శాతం వడ్డీ వచ్చే చోట మీరు 50 పౌండ్లు ఉంచితే ఏటా 3 పౌండ్లు వస్తాయి, అసలు కదలదు. కనుక ఏటా 3 పౌండ్లు శాశ్వతంగా ఇచ్చే పత్రానికి 50 పౌండ్లకు మించి ఇవ్వడంలో అర్థం లేదు. మదుపరి 3 శాతంతో తృప్తి పడితే అదే పత్రం 100 పౌండ్లు చేస్తుంది. ఫ్రెంచ్ విప్లవ యుద్ధాల కాలంలో, 1798లో, 3 శాతం కన్సాల్స్ 50 పౌండ్ల లోపుకు పడిపోయాయి. ప్రభుత్వం ఒక్క వాయిదా కూడా తప్పలేదు. మదుపరులు కోరే రేటు రెట్టింపయింది, అంతే. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో భూమి ధరను కూడా 'ఇన్నేళ్ళ ఆదాయం' అని చెప్పేవారు. ఇరవై ఏళ్ళ ఆదాయానికి భూమి అమ్ముడైందంటే రేటు 5 శాతమని అర్థం.

ఇక్కడ విద్యార్థులకు కలిగే సందేహం ఒకటుంది. అనంతమైన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాం గదా, ఎప్పుడో మూడు వందల ఏళ్ళ తర్వాత ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు? లెక్క వేసి చూడండి. 6 శాతం రేటున మొత్తం విలువలో సుమారు 94.6 శాతం మొదటి 50 ఏళ్ళ చెల్లింపుల నుంచే వస్తుంది. ఆ తర్వాతి అనంతకాలమంతా కలిపి 5.4 శాతం మాత్రమే. 'శాశ్వతం' అన్న మాటకు మనం భయపడినంత బరువు లెక్కలో లేదు.

నిజానికి శాశ్వతమన్నది ఎప్పుడూ ఒక మాట వరకే. గోషెన్ ఆర్థిక మంత్రిగా 1888లో కన్సాల్స్ వడ్డీని 2.75 శాతానికి తగ్గించి, 1903 నుంచి 2.5 శాతం చేసే ఏర్పాటు చేశాడు. 1970ల మధ్యలో బ్రిటన్‌లో ధరల పెరుగుదల వల్ల రేటు 15 శాతం దాకా పోయింది. 2.5ను 0.15తో భాగిస్తే 16.67. నూరు పౌండ్ల పత్రానికి ఆ రేటున వచ్చే ధర అది. చివరికి 2015లో ప్రభుత్వం మిగిలిన పత్రాలన్నిటికీ అసలు చెల్లించి ముగించింది. మన ప్రాంతంలోనూ ఇటువంటిది జరిగింది. 1802 నిబంధనల ప్రకారం ఉత్తర సర్కారు జమీందార్లు కంపెనీకి కట్టవలసిన పేష్కష్ శాశ్వతంగా స్థిరపడింది. కంపెనీకి అది పెరగని శాశ్వత వార్షికం. ధరలు పెరిగినకొద్దీ దాని నిజవిలువ కరిగింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ శాశ్వతం కూడా ముగిసింది.

ఇక రెండవ ప్రశ్న. కంపెనీ వాటాపై వచ్చే డివిడెండ్ కన్సాల్స్ వడ్డీలా స్థిరంగా ఉండదు, వ్యాపారంతో పాటు పెరుగుతుంది. వాటా విలువ భవిష్యత్ డివిడెండ్‌ల ప్రస్తుత విలువే అన్న వాదాన్ని 1938లో జాన్ బర్ విలియమ్స్ తన గ్రంథంలో విస్తారంగా ప్రతిపాదించాడు. 1956లో మైరాన్ గోర్డన్, ఎలీ షపీరో ఒక వ్యాసంలో స్థిర వృద్ధి సూత్రాన్ని వాడారు. అప్పటి నుంచి గోర్డన్ పేరే దానికి స్థిరపడింది.

వచ్చే ఏడాది చివర 5 రూపాయల డివిడెండ్ వస్తుంది, ఆ తర్వాత అది ఏటా 4 శాతం పెరుగుతుంది, మనం కోరే రేటు 10 శాతం అనుకుందాం. మొదటి డివిడెండ్ ప్రస్తుత విలువ 5 ÷ 1.10 = 4.545. రెండవది 5.20, దాన్ని రెండేళ్ళకు డిస్కౌంట్ చేస్తే 4.297. మూడవది 4.063. ప్రతి పదాన్నీ 1.04/1.10తో గుణిస్తే తర్వాతి పదం వస్తుంది. ఇది మీరు ఇంటర్మీడియట్‌లో చదివిన గుణశ్రేఢే. సామాన్య నిష్పత్తి 1 కన్నా తక్కువ కాబట్టి పదాలు చిన్నవవుతూ పోతాయి, మొత్తం ఒక హద్దు దగ్గర ఆగుతుంది:

P = D1 / (r − g)

ఇక్కడ 5 ÷ 0.06 = 83.33 రూపాయలు. D1 అంటే వచ్చే ఏడాది డివిడెండ్ అని మరవకండి. ఇప్పుడే చేతికందిన డివిడెండ్ 5 రూపాయలైతే, సూత్రంలో 5.20 వేయాలి.

ఇప్పుడు r ను 10 శాతం వద్దే ఉంచి g ని పెంచుతూ చూడండి. 6 శాతానికి ధర 125, 8 శాతానికి 250, 9 శాతానికి 500, 9.5 శాతానికి 1000. వృద్ధి అంచనా 8 నుంచి 9కి, ఒక్క శాతం మారితే ధర రెట్టింపయింది. ఛేదం సున్నాకు దగ్గరవుతున్నకొద్దీ సూత్రం మనం వేసిన అంచనా లోని చిన్న పొరపాటును భూతద్దంలో చూపిస్తుంది.

g సరిగ్గా 10 శాతమైతే సామాన్య నిష్పత్తి 1. ప్రతి పదమూ 4.545, ఎన్ని కలిపినా తరగదు, మొత్తం అనంతం. g 12 శాతమైతే పదాలు 4.545, 4.628, 4.712 అని పెరుగుతూనే పోతాయి. కాని సూత్రంలో వేస్తే −250 వస్తుంది. జవాబు పత్రాలు దిద్దిన రోజుల్లో ఈ −250 కింద రెండు గీతలు గీసి 'కనుక ఈ వాటా కొనరాదు' అని రాసినవారిని చాలామందినే చూశాను. వారి తర్కంలో లోపం లేదు, లోపం ఆ సంఖ్యలో ఉంది. గుణశ్రేఢి మొత్తానికి సూత్రం నిష్పత్తి 1 కన్నా తక్కువైనప్పుడే వర్తిస్తుంది. ఆ షరతు తప్పినచోట వచ్చిన సంఖ్య దేనికీ విలువ కాదు.

ఈ ఇబ్బందిని 1957లో ఎం.ఐ.టి.కి చెందిన డేవిడ్ డ్యూరాండ్ ఒక పాత పజిల్‌తో కలిపి చూపాడు. నికోలస్ బెర్నౌలీ 1713లో లేవనెత్తగా, డేనియల్ బెర్నౌలీ 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ప్రచురణలో చర్చించిన నాణెం ఆట అది. బొమ్మ పడేదాకా నాణెం ఎగరవేస్తారు. మొదటిసారే పడితే 1, రెండోసారి పడితే 2, మూడోసారి 4, ఇలా బహుమతి రెట్టింపవుతుంది. ప్రతి దశలోనూ బహుమతి రెట్టింపవుతుంటే అవకాశం సగమవుతుంది, కనుక ప్రతి పదమూ ఒకే విలువ, మొత్తం అనంతం. అయినా ఆ ఆట ఆడడానికి ఎవరూ పెద్ద మొత్తం ఇవ్వరు. వృద్ధి వాటా కూడా ఇటువంటి శ్రేఢేనని డ్యూరాండ్ చెప్పాడు. డివిడెండ్ పెరుగుదల బహుమతి పెరుగుదల వంటిది, డిస్కౌంట్ అవకాశం తగ్గుదల వంటిది. వృద్ధి డిస్కౌంట్‌ను అందుకున్న రోజున ఏ ధరైనా తక్కువే అవుతుంది. ఏ మార్కెట్‌లోనూ అనంతమైన ధర లేదు కాబట్టి, తప్పు 'శాశ్వతంగా ఇంత వృద్ధి' అన్న మన ఊహలోనే ఉండాలి.

ఆ ఊహ ఎందుకు నిలవదో మామూలు లెక్కతో తెలుస్తుంది. దేశ ఆదాయంలో 1 శాతం ఉన్న ఒక కంపెనీ ఏటా 12 శాతం, దేశ ఆదాయం 7 శాతం పెరుగుతున్నాయనుకోండి. సుమారు 100 ఏళ్ళకు ఆ కంపెనీయే మొత్తం దేశ ఆదాయమవుతుంది. ఆ తర్వాత దేశం కన్నా పెద్దదవుతుంది! కనుక శాశ్వత వృద్ధి రేటుకు ఆర్థిక వ్యవస్థ దీర్ఘకాల వృద్ధి ఒక పైహద్దు. ధరల పెరుగుదల కలిసిన r వాడితే g లో కూడా అది కలిసి ఉండాలి. ఒకదానిలో కలిపి మరొకదానిలో విడిచితే లెక్క మొత్తం తప్పుతుంది.

మరొక కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది. వృద్ధి ఉచితంగా రాదు, లాభంలో కొంత పంచకుండా వ్యాపారంలో తిరిగి పెట్టాలి. వాటాకు లాభం 10 రూపాయలు, తిరిగి పెట్టిన సొమ్ముపై వచ్చే రాబడి 10 శాతం, మనం కోరే రేటూ 10 శాతమే అనుకుందాం. లాభమంతా పంచితే వృద్ధి లేదు, ధర 10 ÷ 0.10 = 100. సగం నిలిపితే డివిడెండ్ 5, వృద్ధి 5 శాతం, ధర 5 ÷ 0.05 = 100. తొమ్మిది వంతులు నిలిపితే డివిడెండ్ 1, వృద్ధి 9 శాతం, ధర 1 ÷ 0.01 = మళ్ళీ 100. మొత్తం నిలిపితే g, r సమానమవుతాయి, కాని అప్పుడు డివిడెండ్ సున్నా. పైన ధరను 1000 దాకా తీసుకుపోయిన పట్టికలో మనం చేసిన పొరపాటు ఇక్కడ బయటపడుతుంది: డివిడెండ్‌ను 5 దగ్గరే కట్టి ఉంచి, వృద్ధిని మాత్రం పెంచాం.

12 శాతం వృద్ధి కొన్నేళ్ళపాటు సాధ్యమే. అప్పుడు కాలాన్ని రెండు దశలుగా విడదీస్తారు. డివిడెండ్ 5తో మొదలై ఐదో ఏడాది దాకా 12 శాతం పెరిగితే, ఆ ఐదింటి ప్రస్తుత విలువ 23.57. ఐదో ఏటి డివిడెండ్ 7.87, ఆరో ఏడాది నుంచి 5 శాతం వృద్ధి అయితే ఆరవది 8.26. ఐదో ఏడాది చివర ధర 8.26 ÷ 0.05, అంటే సుమారు 165.22. దాన్ని నేటికి తెస్తే 102.59. మొత్తం 126.16. మొదటి దశలో వృద్ధి r ను మించినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ ఉన్నవి ఐదే పదాలు. షరతు చివరి దశకే. అయితే మొత్తం ధరలో ఐదింట నాలుగు వంతులు ఆ చివరి దశదేనని గమనించండి. అక్కడ 5 శాతానికి బదులు 6 వేస్తే ధర 153 దాటుతుంది. ఎవరైనా మీ ముందు ఇటువంటి మదింపు పెడితే మొదట చూడవలసింది ఆ ఒక్క సంఖ్యనే.