ముసాఫిర్ నమాజు: కుదింపు, జోడింపు, ఖజా – హనఫీ, షాఫియీ వాదాల పరిశీలన

ప్రయాణంలో తప్పిపోయిన అసర్ నమాజును ఒక ముస్లిం ఇంటికి తిరిగి వచ్చాక తీర్చుకుంటున్నాడు. రెండు రకాతులు చదవాలా, నాలుగా? హనఫీ మతస్థుడు రెండంటాడు, షాఫియీ మతస్థుడు నాలుగంటాడు. ఇద్దరూ ఆధారంగా చూపేది ప్రవక్త ముహమ్మద్ ప్రయాణాలనే. తెలుగు నేల మీది ముస్లింలలో అధికులు హనఫీలు. హైదరాబాదులోని బార్కస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చి స్థిరపడిన అరబ్బు కుటుంబాల వారు షాఫియీలు. కాబట్టి ఒకే బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఈ ప్రశ్న ఎదురై, రెండు వేర్వేరు జవాబులు రావచ్చు. ఈ తేడా ఖజా అధ్యాయంలో పుట్టింది కాదనీ, ప్రయాణంలో రకాతులు ఎందుకు తగ్గుతాయన్న మూల ప్రశ్న దగ్గరే పుట్టిందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కుదింపు: రాయితీయా, అసలు విధా?

ప్రయాణంలో కుదించేవి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు మాత్రమే. జొహర్, అసర్, ఇషా రెండేసి రకాతులవుతాయి. ఫజర్ రెండు, మగ్రిబ్ మూడు ఎప్పటిలాగే ఉంటాయి. హనఫీలు వాజిబ్‌గా భావించే మూడు రకాతుల విత్ర్‌లోనూ మార్పు లేదు. ఈ కుదింపునే ఖస్ర్ అంటారు.

ఖురాన్ నాలుగో సూరా నూటొకటో ఆయతు, శత్రువుల వల్ల భయం ఉన్నప్పుడు నమాజును కుదించుకోవడం తప్పు కాదంటుంది. భయం తొలగిన కాలంలోనూ కుదింపు ఎందుకు కొనసాగుతోందని యాలా ఇబ్న్ ఉమయ్యా ఖలీఫా ఉమర్‌ను అడిగారు. తనకూ అదే సందేహం వచ్చిందనీ, ప్రవక్తను అడిగితే అది అల్లాహ్ చేసిన దానమనీ స్వీకరించమనీ చెప్పారనీ ఉమర్ జవాబిచ్చినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. మరోవైపు, మొదట విధించింది రెండేసి రకాతులేననీ, ఊళ్లో ఉన్నవారికి తర్వాత పెంచి ప్రయాణికులకు పాత సంఖ్యనే ఉంచారనీ ఆయిషా చెప్పిన మాట బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ నమోదైంది.

షాఫియీలు ఆయతులోని ‘తప్పు కాదు’ అన్న ధోరణిని ప్రధానంగా తీసుకున్నారు. వారి దృష్టిలో అసలు విధి నాలుగు రకాతులు, రెండు చదవడం ప్రయాణికుడికిచ్చిన రాయితీ. వాడుకోవచ్చు, వదులుకోనూవచ్చు. హనఫీలు ఆయిషా మాటను మూలంగా తీసుకున్నారు. దానం ఇచ్చినవాడు అల్లాహ్ అయినప్పుడు తిరస్కరించే ప్రసక్తి లేదని ఉమర్ ఉల్లేఖనాన్ని కూడా తమవైపే చదివారు. వారి దృష్టిలో ముసాఫిర్‌కు రెండు రకాతులే పూర్తి నమాజు. అందుకే ఒంటరిగా చదివే హనఫీ ప్రయాణికుడు మరచిపోయి నాలుగు చదివితే, రెండో రకాతు తర్వాత కూర్చున్నాడా లేదా అన్నది చూస్తారు. కూర్చుని ఉంటే మొదటి రెండు ఫర్జ్‌గా, చివరి రెండు నఫిల్‌గా లెక్కకొస్తాయి, మరపుకు సజ్దా సహూ చేయాలి. కూర్చోకపోతే ఆ ఫర్జ్ చెల్లదు. స్థానికుడైన ఇమాం వెనుక నిలబడినప్పుడు మాత్రం ముసాఫిర్ ఆయనతోపాటు నాలుగూ చదువుతాడు. ముసాఫిరే ఇమాం అయితే రెండుకు సలాం చెబుతాడు, వెనుకనున్న స్థానికులు లేచి మిగతా రెండూ పూర్తి చేసుకుంటారు.

ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు

గమ్యం నిర్ణీత దూరానికి మించి ఉండాలి, ఆ దూరమంతా వెళ్లాలన్న సంకల్పంతో బయలుదేరాలి. హనఫీల మూల నియమం మూడు రోజుల నడక. భారత ఉలమాలు దీన్ని మైళ్లలోకి మార్చినప్పుడు లెక్కలు రెండయ్యాయి. దేవ్‌బంద్ సంప్రదాయంలో 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. బరేల్వీ సంప్రదాయంలో సుమారు 92 కిలోమీటర్లు. కర్నూలు నుంచి గద్వాల వెళ్లేవాడు ఏ లెక్కలోనూ ముసాఫిర్ కాడు. రెండు వందల కిలోమీటర్లు దాటిన హైదరాబాదుకు వెళ్లేవాడు ఏ లెక్కలోనైనా ముసాఫిరే.

సంకల్పం ఇంట్లో చేసుకున్నా, కుదింపు మొదలయ్యేది ఊరి ఇళ్లు దాటాకే. ప్రవక్త మదీనాలో జొహర్ నాలుగు రకాతులు చదివి, అదే రోజు ఊరి వెలుపల జుల్‌హులైఫాలో అసర్ రెండు రకాతులు చదివినట్టు అనస్ చెప్పారు. చేరిన చోట హనఫీ మతస్థుడు పదిహేను రోజులు, అంతకుమించి ఉండాలని నిశ్చయించుకుంటే స్థానికుడవుతాడు, నాలుగూ చదవాలి. పది రోజులనుకుని వచ్చి, పని తెమలక రేపు మాపు అనుకుంటూ నెల గడిపినా ముసాఫిర్‌గానే ఉంటాడు. షాఫియీలకు ఈ హద్దు వచ్చిన రోజు, వెళ్లే రోజు కాక నాలుగు రోజులు.

జోడింపు: సమయం జరుగుతుందా?

కుదింపు రకాతుల సంగతి, జోడింపు సమయం సంగతి. రెండు నమాజులను ఒకే సమయంలో చదవడాన్ని జమా అంటారు. జత కలిసేవి జొహర్‌తో అసర్, మగ్రిబ్‌తో ఇషా మాత్రమే. అసర్‌ను మగ్రిబ్‌తో కలపడానికి ఏ మజ్‌హబ్‌లోనూ వీల్లేదు. ఫజర్‌కు జతే లేదు.

సూర్యుడు వాలకముందే బయలుదేరితే ప్రవక్త జొహర్‌ను అసర్ దాకా ఆపి రెండూ కలిపి చదివేవారని అనస్ ఉల్లేఖనం. షాఫియీలు దీన్ని యథాతథంగా తీసుకుని, రెండో నమాజును ముందుకు తెచ్చుకోవడాన్నీ మొదటిదాన్ని వెనక్కు జరపడాన్నీ అనుమతించారు. ముందుకు తెచ్చుకునేవాడు వరుస తప్పకూడదు, మొదటి నమాజు ముగిసేలోగా జోడించే సంకల్పం చేసుకోవాలి, రెండింటి మధ్య పెద్ద ఎడం ఉండకూడదు. వెనక్కు జరిపేవాడు మొదటి నమాజు సమయం ఇంకా ఉండగానే ఆ సంకల్పం చేసుకోవాలి. అది లేకుండా సమయం దాటితే జోడింపు కాదు, ఖజా అవుతుంది.

హనఫీలు హజ్ సమయంలో అరఫాత్, ముజ్దలిఫాలలో తప్ప మరెక్కడా సమయాన్ని జరపరు. నమాజు నిర్ణీత వేళల్లో విధించబడిందన్న ఖురాన్ ఆదేశాన్ని, ప్రవక్త ముజ్దలిఫాలో తప్ప నమాజును వేళ తప్పించి చదవగా చూడలేదన్న ఇబ్న్ మసూద్ మాటను ముందు పెట్టి, అనస్ ఉల్లేఖనాన్ని మరోలా అర్థం చేసుకున్నారు. జొహర్‌ను దాని వేళ చివర్లో, అసర్‌ను దాని వేళ మొదట్లో చదివితే చూపుకు జోడింపే, లెక్కకు మాత్రం దేని వేళలో అది చదివినట్టే. డిసెంబరు మధ్యలో కర్నూలు ప్రాంతంలో హనఫీ లెక్కన జొహర్ వేళ సుమారు 4:10కి ముగిసి అసర్ మొదలవుతుంది. నాలుగింటికి దారిలో ఆగి జొహర్ చదివి, పది పదిహేను నిమిషాలు కూర్చుని అసర్ కూడా ముగించి బస్సెక్కితే హనఫీ నియమం చెక్కుచెదరదు.

ఒక డిసెంబరు సాయంత్రం

కర్నూలు వ్యాపారి ఒకడు పది రోజుల పని మీద హైదరాబాదు బయలుదేరాడనుకుందాం. జొహర్ దుకాణం దగ్గరే చదివాడు, హడావుడిలో అసర్ చదవకుండా ఐదింటికి బస్సెక్కాడు. ఐదున్నరకు బస్సు తుంగభద్ర వంతెన దాటింది, ఊరి ఇళ్లు వెనకబడ్డాయి. సూర్యాస్తమయం సుమారు 5:46కి. బస్సు ఆగింది 6:15కి, దారిలో ఒక దాబా దగ్గర. నిలబడి ఖిబ్లా వైపు తిరిగి చదవగలిగిన మనిషికి సీట్లో కూర్చుని చదివిన ఫర్జ్ హనఫీ నియమం ప్రకారం సరిపోదు. సమయం దాటిపోతుంటే వీలైనట్టు చదివి దిగాక మళ్లీ చదవమంటారు ముఫ్తీలు. మనవాడు అదీ చేయలేదు, అసర్ ఖజా అయింది.

హనఫీ శాస్త్రంలో రకాతుల సంఖ్యను నిర్ణయించేది ఆ నమాజు వేళలోని చివరి క్షణం. వేళ మొదలైనప్పుడు ఇతను ఊళ్లో ఉన్నాడు, ముగిసినప్పుడు ఊరు దాటాడు. కాబట్టి పోయింది రెండు రకాతుల అసర్. అదే బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని 5:50కి వంతెన చేరి ఉంటే, ఊళ్లోనే వేళ ముగిసినందున పోయింది నాలుగు రకాతుల అసర్ అయ్యేది. అప్పుడు హైదరాబాదులో తీర్చుకున్నా నాలుగే చదవాలి.

దాబా దగ్గర దిగినవాడు మగ్రిబ్‌కు నిలబడబోయే ముందు అసర్ తీర్చాలి. ఆరు కంటే తక్కువ నమాజులు బాకీ ఉన్నవాడు వరుస పాటించాలన్నది హనఫీ నియమం. ఖందక్ యుద్ధంలో అసర్ తప్పిపోతే ప్రవక్త సూర్యాస్తమయం తర్వాత ముందు అసర్, ఆపైన మగ్రిబ్ చదివారు. బాకీ ఆరుకు చేరినా, ఉన్న నమాజు వేళ దాటిపోయేలా ఉన్నా, బాకీ సంగతే గుర్తు లేకపోయినా వరుస పట్టింపు ఉండదు. కనుక వ్యాపారి అసర్ ఖజా రెండు, మగ్రిబ్ మూడు చదివి, రాత్రి హైదరాబాదు చేరాక ఇషా రెండు, విత్ర్ మూడు చదువుతాడు. పక్క సీటులోని బార్కస్ ప్రయాణికుడు కావాలంటే మగ్రిబ్ వేళలోనే సంకల్పం చేసుకుని దాన్ని ఇషాతో జోడించుకోవచ్చు. అయితే ఇల్లు చేరకముందే రెండూ ముగించుకోవాలి.

బాకీ ఏ సంఖ్యలో తీరుతుంది?

వ్యాపారికి దాబా దగ్గర అసర్ గుర్తుకు రాలేదు, పది రోజుల తర్వాత కర్నూలులో గుర్తొచ్చింది అనుకుందాం. నిద్రపోయినా మరచిపోయినా గుర్తొచ్చినప్పుడు చదవాలన్న హదీసు ప్రకారం బాకీ తీర్చాలి. సూర్యోదయం, నడినెత్తిన సూర్యుడున్న సమయం, సూర్యాస్తమయం తప్పించి హనఫీలకు ఏ వేళైనా సరే. సంఖ్య మాత్రం రెండే. పన్నెండో శతాబ్దపు మర్గీనానీ హిదాయాలో ఈ నియమం స్పష్టం: ప్రయాణంలో పోయింది ఊళ్లో రెండుగానే తీరుతుంది, ఊళ్లో పోయింది ప్రయాణంలో నాలుగుగానే తీరుతుంది. మాలికీలదీ ఇదే మాట. రెండే పూర్తి విధి అని ఒప్పుకున్నాక బాకీ కూడా రెండే అవుతుంది. చోటు మారినంత మాత్రాన అది పెరగదు.

షాఫియీ పక్షాన పదమూడో శతాబ్దపు నవవీ మిన్‌హాజ్‌లో బలపరచిన అభిప్రాయం వేరు. ప్రయాణంలో పోయినదాన్ని ప్రయాణంలోనే తీరిస్తే కుదించవచ్చు, ఇంట్లో తీరిస్తే నాలుగూ చదవాలి. అసలు విధి నాలుగు కాబట్టి, తగ్గింపుకు కారణమైన ప్రయాణం ముగిశాక తగ్గింపు మిగలదు. హంబలీలూ ఇంట్లో గుర్తొస్తే నాలుగే అంటారు. ఊళ్లో పోయిన నమాజు విషయంలో మాత్రం ఈ మజ్‌హబ్‌లకు తేడా లేదు, ఎక్కడ తీర్చినా నాలుగే. విధించినప్పుడే నాలుగున్న చోట రాయితీ వాదానికీ అసలు విధి వాదానికీ ఫలితం ఒకటే.

ముగింపు

ఖజా సంఖ్యపై భేదం హదీసుల కొరత వల్ల వచ్చింది కాదు. తప్పిన నమాజు తీర్చాలన్న హదీసు అందరికీ ఒకటే, కానీ అది సంఖ్య చెప్పదు. సంఖ్య కోసం ప్రతి మజ్‌హబ్ ఖస్ర్ స్వభావంపై తానిచ్చిన నిర్వచనం దగ్గరికే వెళ్లింది. కాబట్టి ఆచరణలో మొదట తేల్చుకోవలసింది తాను ఏ మజ్‌హబ్‌ను అనుసరిస్తున్నాడన్నది, తర్వాత తప్పిన నమాజు వేళ ముగిసేనాటికి ఊరు దాటాడా లేదా అన్నది. షాఫియీకైతే ఇంకొకటి కలుస్తుంది: తీర్చే సమయంలో తానింకా ప్రయాణంలోనే ఉన్నాడా? కుదింపుకు ఒక మజ్‌హబ్ మాట, బాకీకి మరో మజ్‌హబ్ మాట పట్టుకుంటే రెండూ నిలబడిన పునాదే విడిపోతుంది.